జబ్బ మెత్తబడే వేళ

విజయవాడలో ఆదివారం పొద్దున్నే మాంసం కొట్టు దగ్గర నిలబడి, "బాబాయ్, జబ్బ మొత్తంగా ఇవ్వు, ముక్కలు కొట్టొద్దు" అని అడిగి చూడండి. కత్తి గాల్లోనే ఆగిపోతుంది. ముందు మీ మొహంలోకి చూస్తాడు, తర్వాత లైన్లో మీ వెనకున్న వాళ్ళ మొహాల్లోకి చూస్తాడు. "కొట్టకపోతే వండుకునేదెలా?" అంటాడు. మన దగ్గర వేట మాంసం అంటే ముక్కలే. కిలో తీసుకుంటే కిలోకీ ముక్కలు కొట్టించుకుని, కుక్కర్లో పడేసి, విజిల్స్ లెక్కపెట్టుకోవడమే మనకు తెలిసిన లెక్క.

నేను మొదటిసారి జబ్బని ముక్క కొట్టించకుండా తెచ్చింది రెండేళ్ళ కిందట, కనుమకి. ఇంటికి పదిమంది చుట్టాలు వచ్చారు. దివిసీమ నుంచి అమ్మమ్మ కూడా వచ్చింది. "ఈసారి మాంసం సంగతి నేను చూసుకుంటా, మీరు గారెలు వేసుకోండి" అని ముందురోజే అందరి ముందూ గొప్పగా ప్రకటించేశా. ఫోన్లో చూసిన వీడియోలో మూడు గంటలన్నాడు, నూట అరవై డిగ్రీలన్నాడు. ఇంకేం కావాలి?

తొమ్మిదిన్నరకి ఓవెన్లో పెట్టా. పన్నెండున్నరకి తీసి చువ్వతో గుచ్చితే చెప్పు అట్టని గుచ్చినట్టుంది. గారెలు చల్లారిపోతున్నాయి. కంగారులో పైన ఉన్న ఫాయిల్ పీకేసి, వేడి రెండొందల ఇరవైకి పెంచా. అరగంట తర్వాత పైన నల్లటి పెచ్చు, లోపల అదే అట్ట. చివరికి అమ్మమ్మ లేచి, కత్తిపీట తెచ్చి, జబ్బని తనే ముక్కలు చేసి కుక్కర్లోకి పంపింది. మూడింటికి భోజనం చేశాం. ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు దీని మీదే పెట్టా. నేను చేసిన తప్పులు మూడని తేలింది. ఆ మూడూ వీడియోలో లేనివే.

మొదటిది గడియారాన్ని నమ్మడం. వీడియోల్లో కనిపించే జబ్బ ఎక్కువగా చలిదేశాల గొర్రెపిల్లది. బరువు రెండు కిలోల పైనే, మీద వేలు మందాన కొవ్వు. ఆ కొవ్వు కరుగుతూ మాంసాన్ని తడుపుతూ ఉంటుంది. మన వైపు గొర్రెల సంగతి వేరు. నెల్లూరు జాతి, మాచర్ల జాతి గొర్రెలకి ఉన్ని ఉండదు, ఒంటిమీద వెంట్రుకలే. ఎండలో మైళ్ళు నడిచి మేసే జీవాలు. జబ్బ సన్నగా, పొడుగ్గా ఉంటుంది, పైన కొవ్వు పలచగా పొరలా ఉంటే ఉన్నట్టు. నాకు ఎప్పుడు దొరికినా కిలోంబావు నుంచి కిలోన్నర లోపే. పైగా కొట్టులో తీసుకున్నది ఆరు నెలల పిల్లదో, రెండేళ్ళ పొట్టేలుదో మనకి తెలీదు. పిల్లదైతే మూడు గంటల్లో అయిపోవచ్చు. ముదురు పొట్టేలుదైతే అదే బరువుకి అయిదు గంటలు పట్టొచ్చు. అందుకే "కిలోకి ఇన్ని గంటలు" అనే సూత్రం ఇక్కడ సరిగ్గా పనిచేయదు.

అసలు జబ్బకి అంతసేపు ఎందుకు? గొర్రె రోజంతా ముందుకాళ్ళ మీద బరువు మోస్తూ నడుస్తుంది కాబట్టి ఆ కండల మధ్య తెల్లటి పొరలు, నరాల్లాంటి పట్టీలు ఎక్కువ. అదంతా కొలాజెన్. కాళ్ళ పులుసు తాగినప్పుడు పెదాలు ఒకదానికొకటి అంటుకుంటాయి కదా, అది ఆ కొలాజెన్ కరిగి జిలాటిన్‌గా మారడం వల్లే. జబ్బలో కూడా జరగాల్సింది అదే.

చిక్కేమిటంటే, మాంసం ఉడకడం ఒకటి, మెత్తబడడం ఇంకొకటి. లోపలి వేడి డెబ్బై డిగ్రీలకి వచ్చేసరికే మాంసం పూర్తిగా ఉడికిపోతుంది. కానీ అప్పుడే అది అన్నిటికంటే గట్టిగా ఉంటుంది. కండ బిగుసుకుని నీరు వదిలేస్తుంది, కొలాజెన్ మాత్రం ఇంకా కరగలేదు. అది చురుగ్గా కరగాలంటే లోపల ఎనభై దాటాలి, ఆ వేడిలో గంటా రెండు గంటలు కూర్చోవాలి. తొంభై రెండు, తొంభై అయిదు మధ్యకి వచ్చేసరికి ఎముక వదులుతుంది. కనుమ నాడు నేను చువ్వ గుచ్చింది సరిగ్గా ఆ గట్టి దశలో. అది చూసి "ఇంకా ఉడకలేదు, మంట పెంచుదాం" అనుకున్నా. పెంచితే పైన ఎండిపోతుంది తప్ప లోపల పట్టీలు తొందరపడవు. వాటికి కావాల్సింది మంట కాదు, టైము.

రెండో తప్పు మూత. ఫాయిల్ని పళ్ళెం మీద దుప్పటిలా పరిచి వదిలేశా. అంచుల్లోంచి ఆవిరంతా పోయింది. ట్రే అడుగున పోసిన నీళ్ళు ఇగిరి ఉల్లిపాయలు మాడాయి. ఆవిరి బయటికి పోతే రెండు నష్టాలు. మాంసం ఎండడం ఒకటైతే, చల్లబడడం రెండోది. చెమట ఆరేటప్పుడు ఒంటికి చల్లగా ఉంటుంది చూడండి, అలాగే తడి మాంసం మీద నీరు ఆవిరవుతున్నంతసేపూ దాని వేడి పైకి లేవదు. ఓవెన్ నూట యాభైలో ఉన్నా మాంసం ఒకేచోట నిలబడిపోతుంది. గట్టిగా మూసేస్తే ఆవిరి లోపలే తిరిగి మాంసాన్ని పట్టుకుంటుంది, ఆ నిలబడిపోవడం తగ్గుతుంది.

ఇది కొత్త విద్యేం కాదు. దమ్ బిర్యానీకి మూత చుట్టూ పిండి అంటించేది ఇందుకే. గ్రీసు దేశంలో క్లెఫ్టికో అని చేస్తారు, గొర్రె మాంసాన్ని కాగితంలో పొట్లం కట్టి గంటలకొద్దీ ఓవెన్లో వదిలేస్తారు. ఆ పేరు దొంగల మీద వచ్చింది. కొండల్లో దాక్కున్న వాళ్ళు దొంగిలించిన గొర్రెని, పొగ కనపడకుండా గుంటలో మూసి వండుకునేవాళ్ళని కథ.

మూడో తప్పు చెబితే నవ్వుతారు. ఇళ్ళల్లో వాడే చాలా ఓటీజీల్లో టైమర్ గుండ్రటి మర. గంట మించి తిరగదు. గంట కాగానే టింగుమని ఓవెన్ ఆగిపోతుంది. ఆ టింగు నాకు వినపడలేదు, డాబా మీద గాలిపటాల గోలలో ఉన్నా. ముప్పావుగంట తర్వాత చూసుకున్నా. అంటే నా మూడు గంటల్లో నిజంగా వండింది రెండుంబావే. మీ టైమర్ మీద Stay On అని ఉంటే దానికి తిప్పండి. లేదంటే ప్రతి యాభై నిమిషాలకీ ఫోన్లో అలారం పెట్టుకుని మళ్ళీ తిప్పండి.

ఇప్పుడు నాకు కుదిరిన ఆదివారం సంగతి చెబుతా, గంటల లెక్కతో సహా.

జబ్బ కిలో నాలుగొందల గ్రాములు. శనివారమే తెచ్చా. కింది నల్లి ఎముకని కీలు దగ్గర విడదీయించా, లేకపోతే మా ముప్పై లీటర్ల ఓవెన్లో పట్టదు. మిగతాదంతా ఒకే ముక్క, లోపల రెక్క ఎముక రెక్క ఎముకలాగే ఉంది. పధ్నాలుగు గ్రాముల ఉప్పు, అంటే రెండు టీస్పూన్లకి కాస్త పైన, పసుపు, కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాల పొడి, కొంచెం నూనె కలిపి బాగా రుద్ది, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచా. పచ్చి బొప్పాయి మాత్రం వేయకండి. మామూలు కూరకి అది మంచిదే, కానీ గంటలకొద్దీ నెమ్మదిగా వేడెక్కే మాంసం మీద అది పనిచేసుకుంటూ పోయి పైపొరని పేస్టు చేసేస్తుంది.

ఆదివారం ఏడింటికి మాంసం ఫ్రిజ్‌లోంచి బయటపెట్టా. ముప్పావు ఎనిమిదికి ఓవెన్ నూట యాభైలో వెలిగించా. ట్రేలో మందంగా చక్రాల్లా తరిగిన ఉల్లిపాయలు నాలుగు పరిచి, వాటిమీద జబ్బ, కొవ్వు ఉన్న వైపు పైకి. పక్కనుంచి ఒక గ్లాసు నీళ్ళు పోశా, మాంసం మీద కాదు. పైన ముందు బేకింగ్ పేపర్, దానిమీద రెండు వరసల ఫాయిల్, ట్రే అంచు చుట్టూ వేళ్ళతో నొక్కి మడిచా. కాగితం ఎందుకంటే, ఉప్పూ పులుపూ తగిలితే ఫాయిల్ చిల్లులు పడుతుంది. పెరుగో చింతపండో రాసినవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. ఎనిమిదింటికి ట్రేని కింది అరలో పెట్టా. పై కడ్డీకి ఫాయిల్ తగలకుండా చూసుకోవాలి.

ఓవెన్ బటన్ మీద నూట యాభై అని ఉన్నంత మాత్రాన లోపల నూట యాభై ఉందని నమ్మకండి. ఓవెన్లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొంటే తెలిసింది, మాది బటన్ చెప్పిన దానికంటే ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. అప్పట్నుంచీ నూట ముప్పై దగ్గర పెడుతున్నా. నూట యాభై కంటే కిందికి కూడా వెళ్ళొచ్చు, నూట ముప్పైలో అయితే అయిదున్నర, ఆరు గంటలు అనుకోండి. అంతకంటే బాగా కిందికి దిగొద్దు. ఇంటి ఓవెన్లు ఆ వేడిని నిలకడగా పట్టలేవు, మాంసం గోరువెచ్చగా ఎక్కువసేపు ఉండిపోవడం మంచిది కాదు. మధ్యలో కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంటే పావుగంటా ఇరవై నిమిషాలకి ఏమీ కాదు, ఆ టైము చివర్లో కలుపుకోండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియకపోతే ట్రేని గ్యాసు మీదకి మార్చి సన్న సెగన కానివ్వండి.

మాంసంలో గుచ్చే థర్మామీటర్ కూడా ఒకటి పెట్టా, కేవలం తెలుసుకోవడానికి. పదింటికి లోపల డెబ్బై తొమ్మిది. పదకొండుకి ఎనభై ఎనిమిది. అంటే మూడు గంటలయ్యింది, అంకె చూస్తే దగ్గరికొచ్చేసినట్టే ఉంది. ఫాయిల్ ఒక మూల లేపా. నాకు అవతలి వైపు మూల లేపండి, ఇవతలిది లేపితే ఆవిరి మొహానికి కొడుతుంది. సన్నటి చువ్వని అన్నిటికంటే మందంగా ఉన్నచోట గుచ్చా. లోపలికి పోయింది. కానీ లాగేటప్పుడు మాంసం చువ్వని పట్టుకుని పైకి లేచింది.

ఇక్కడే చాలామంది అయిపోయిందనుకుంటారు. చువ్వ దిగడం ఒక్కటే కాదు, వచ్చేటప్పుడు పట్టు లేకుండా రావాలి. ఒకచోట చూసి ఊరుకోకూడదు కూడా. రెక్క ఎముక పక్కన ఒకటి, కీలు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, మూడు చోట్ల చూడాలి. కీలు దగ్గరే చివరికి మెత్తబడుతుంది. ఎముకకి తగిలితే గట్టిగా ఉంది అనుకుని మోసపోకండి, కాస్త పక్కన గుచ్చండి.

మళ్ళీ గట్టిగా మూసేశా. వేడి మాత్రం అంగుళం కూడా పెంచలేదు. ముప్పావు పన్నెండుకి మళ్ళీ చూశా. మధ్యలో వెన్నలోకి దిగినట్టు దిగింది, కీలు దగ్గర ఇంకా కొంచెం పట్టు ఉంది. ఇంట్లో అందరికీ ఆకలి మొదలైంది. అమ్మమ్మ కూడా ఆ రోజు ఉంది, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. "తీసేస్తావేంట్రా?" అంది. "ఇంకో అరగంట" అన్నా. "ఆఁ, అదీ" అంది.

పన్నెండుంబావుకి, అంటే నాలుగుంబావు గంటలకి, కీలు దగ్గర కూడా చువ్వ సాఫీగా వచ్చింది. లోపల తొంభై నాలుగు. అయినా నేను చివరిగా నమ్మేది అంకెని కాదు. రెక్క ఎముక బయటికి కనపడే అంచుని గుడ్డతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పండి. కదలకపోతే ఇంకా ఉంది. కదిలినా రబ్బరులా వెనక్కి లాగితే అరగంట ఉంది. ఊడబోయే పాలపన్నులా వదులుగా కదిలి, కొంచెం లాగితే శుభ్రంగా జారి వచ్చేస్తే అయిపోయింది. ఫోర్కుతో గుచ్చి మెలితిప్పితే మాంసం పోగులు పోగులుగా విడిపోవాలి. పోగులు కాకుండా పిండిలా నలిగితే అది దాటిపోయిన గుర్తు. అప్పుడు దాన్ని ముక్కలుగా వడ్డించడం మానేసి, ట్రేలో రసంతో కలిపేసి వేపుడులా తినేయడమే.

తర్వాత ఫాయిల్, కాగితం తీసేసి, ట్రేలోని రసం రెండు గరిటెలు మీద పోసి, ఓవెన్ రెండొందల ఇరవైకి పెంచి పావుగంట ఉంచా. రంగు రావడానికి ఈ పావుగంట చాలు. కనుమ నాడు నేను చేసిన పనే ఇది, కాకపోతే అప్పుడు మెత్తబడకముందు చేశా, ఇప్పుడు మెత్తబడ్డాక చేశా. వరస మారితే వంట మారిపోయింది. బయటికి తీసి, కాగితం వదులుగా కప్పి ఇరవై నిమిషాలు వదిలేశా. ఈలోపు ట్రేలోని రసం మీద తేలిన కొవ్వు గరిటెతో తీసేసి, మిరియాల పొడి వేసి, గ్యాసు మీద చిక్కబడేదాకా మరిగించా. ఒంటిగంటకి కూర్చున్నాం.

మేక మాంసమైతే? ఇదే పద్ధతి, ఇవే పరీక్షలు. కొవ్వు ఇంకా తక్కువ కాబట్టి నీళ్ళు మరో అరగ్లాసు ఎక్కువ పోసి, గంట ముందే మొదలుపెట్టండి. ఏ మాంసమైనా సరే, భోజనం టైముకి గంట ముందే అయిపోయేలా లెక్క వేసుకోండి. ముందే అయిపోతే మూసి ఉంచితే కాసేపు వేడిగానే ఉంటుంది. ఆలస్యమైతే మాత్రం దాన్ని తొందరపెట్టే మార్గం లేదు.

ఆ రోజు తిన్నాక అమ్మమ్మ ఒక మాట అడిగింది. "మీ ఇనప్పెట్టెలో సెగ ఎంతుంటుందిరా?" నాకు అంకె చెప్పడం వచ్చు గానీ ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం రాలేదు. ఆవిడే చెప్పింది. వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనక దాలి గుంట ఉండేది. పిడకలు పేర్చి, పైన ఊక చల్లి నిప్పు రాజేస్తే మంట లేవదు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కణకణలాడుతూ ఉంటుందంతే. దానిమీద పాల కుండ పెట్టి మూత వేసి పొలానికి వెళ్ళిపోయేవాళ్ళు. సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి, వేలు మందాన మీగడ కట్టేది. "దాలి మీద పాలు కాగాయో లేదో గడియారం చూసి చెప్పేవాళ్ళమా ఏంటి? మూత తీసి మీగడ చూసేవాళ్ళం" అంది.

నూట యాభై డిగ్రీలకి ఇంతకంటే మంచి తెలుగు నాకు దొరకలేదు. ఇప్పుడు ట్రే లోపల పెట్టాక ఎవరైనా "ఎంతసేపట్లో అవుతుంది?" అని అడిగితే, నాలుగు గంటలు అనుకోండి అని చెప్పి, రెక్క ఎముక కదిలేదాకా గారెల పిండి రుబ్బనివ్వడం లేదు.